అమ్మ పటం అమ్మలా ఉండాలంటే: బొట్టు, ఛాయ, చీర, నలుపు-తెలుపు

ప్రశ్న: మాది దేవరకొండ దగ్గర పల్లె. అమ్మ అరవై ఎనిమిదేండ్లకు పోయింది, పది నెలలైంది, సంవత్సరీకానికి పటం కట్టించాలె. ఉన్నయి మూడే ఫోటోలు: పింఛన్ కోసం తీయించిన పాస్‌పోర్ట్ సైజు, ఆధార్ కార్డు మీదిది, ఒక పెండ్లిల ఫోన్‌తోని తీసిన గ్రూపు ఫోటో (వాట్సాప్‌ల వచ్చింది). స్టూడియో ఆయన ఒకటి చేసిచ్చిండు. తెల్లగ, నున్నగ, పట్టుచీర కట్టి, పెద్ద బొట్టు పెట్టి ముప్పై ఏండ్ల మనిషిని చేసిండు. నాయిన పన్నెండేండ్ల కింద పోయిండు, అప్పటిసంది అమ్మ బొట్టు పెట్టుకోలే. అక్కలు ‘ఇది అమ్మ కాదు’ అంటున్నరు, అన్న ‘బొట్టు ఉండనీ’ అంటడు, తమ్ముడు పెన్సిల్ బొమ్మ గీయిద్దామంటడు. గోడకు నాయినది పాత బ్లాక్ అండ్ వైట్ పటం ఉన్నది. ఎట్ల చేయించాలె?

జవాబు:

మీ ముగ్గురి వాదనా పక్కన పెట్టి, ముందు ఒక కొలత తీసుకోండి. పెన్సిలా, రంగులా, ఫోటోయా అన్నది చాలావరకు ఆ కొలతే తేలుస్తుంది. చేతిలో ఉన్న ఫోటోలో అమ్మ ముఖం, గడ్డం నుంచి నుదుటి మీద జుట్టు మొదలయ్యే దాకా, ఎన్ని పిక్సెళ్లు ఉందో చూడాలి. ఫోన్ గ్యాలరీలో ముఖం వరకే కత్తిరించి వేరే కాపీగా సేవ్ చేసి, దాని వివరాలు తెరిస్తే నిలువు కొలత కనిపిస్తుంది.

వాట్సాప్‌లో మామూలుగా పంపిన ఫోటో పొడుగు వైపు దాదాపు 1600 పిక్సెళ్లకు కుదించుకుపోతుంది. అందులో తొమ్మిదిమంది నిలబడి ఉంటే అమ్మ ముఖానికి మిగిలేది నూట పది, అటు ఇటు. ఛాతీ దాకా చూపించే 12×18 అంగుళాల పటంలో ముఖం ఐదంగుళాలు వస్తుంది. అంటే అంగుళానికి 22 పిక్సెళ్లు. కనురెప్ప ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందో కూడా అందులో ఉండదు. స్టూడియోలో ‘క్లియర్ చేసిస్తాం’ అని ఆ రెప్పను సొంతంగా దిద్దుతారు. ఆ దిద్దిన రెప్ప వేరే ఎవరిదో అవుతుంది కాబట్టే ఇంట్లో వాళ్లు ‘కాదు’ అంటారు, ఎందుకు కాదో మాత్రం చెప్పలేరు.

ఆ గ్రూపు ఫోటో తీసిన ఫోన్ ఎవరిదో వాళ్లను అడిగి, అసలు ఫోటోను డాక్యుమెంట్‌గా పంపించమనండి. పన్నెండు మెగాపిక్సెళ్ల ఫోన్ అయితే పొడుగు వైపు 4000 ఉంటుంది, ముఖం 275 దాకా పెరుగుతుంది. పెద్ద పటానికి అది కూడా చాలదు. కానీ నవ్వితే అమ్మ కండ్ల పక్కన ఎన్ని ముడతలు పడతాయి, ఎండలో ఛాయ ఎట్లా ఉంటుంది అన్నవి చూసుకోవడానికి అంతకంటే మంచి సాక్ష్యం దొరకదు. ఆధార్ మీది ఫోటో వదిలేయండి. అది చిన్నది, వెలుగు సరిగా ఉండదు, దాని నుంచి తీసుకోవలసింది ఏమీ లేదు.

మీకు పనికొచ్చేది పింఛన్ కోసం తీసిన పాస్‌పోర్ట్ ఫోటో. చిన్నదని చూడకండి, అందులో కాగితం నిండా ముఖమే ఉంటుంది. 35×45 మిల్లీమీటర్ల కాగితం మీద గడ్డం నుంచి జుట్టు దాకా దాదాపు ఒక అంగుళం ఉంటే, 600 డీపీఐలో, అంటే అంగుళానికి 600 చుక్కల లెక్కన, స్కాన్ చేసినప్పుడు 600 పిక్సెళ్లు వస్తాయి. ముఖం మూడున్నర అంగుళాలు వచ్చేలా 8×12 పటం చేయిస్తే అంగుళానికి 170. ఐదంగుళాలకు సాగదీస్తే 120. నాలుగైదు అడుగుల దూరం నుంచి చూసే పటానికి వంద దాటితే ఫోటోను ఫోటోలాగే ఉంచొచ్చు. యాభైకీ వందకూ నడుమ ఉంటే పటం చిన్నది చేయాలి. యాభై కంటే కిందికి దిగితే ఏ పద్ధతిలో చేయించినా ఊహే. ఒక్క జాగ్రత్త, స్కానర్‌లో అంకె 1200కు పెంచినంత మాత్రాన కొత్త వివరం రాదు. కాగితం మీద అచ్చయిందే అంత, 600 దాటితే కాగితం గరుకే పెద్దదవుతుంది. ట్యూబ్‌లైట్ కింద ఆ చిన్న ఫోటోను ఫోన్‌తో ఫోటో తీయడం వద్దు, మెరుపు సరిగ్గా నుదుటి మీదే పడుతుంది.

స్కాన్ చేయించే ముందు ఇంకో పని. ఆ పాస్‌పోర్ట్ ఫోటో తీసిన స్టూడియోకు వెళ్లి పాత ఫైలు ఉందేమో అడగండి. కెమెరా ఫైలు దొరికితే ముఖమే వెయ్యి పిక్సెళ్లు దాటి ఉంటుంది, పైగా నున్నగా చేయక ముందుది. అది దొరికితే పైన చెప్పిన లెక్కలతో పనే లేదు.

ఇక తమ్ముడి పెన్సిల్ సంగతి. మసక ఫోటోకు పెన్సిల్ బొమ్మ మందు అని చాలామంది అనుకుంటారు, నిజం తిరగబడి ఉంటుంది. ఫోటోలో మసకగా ఉన్నది మసకగానే ఉండిపోగలదు. పెన్సిల్ పట్టినవాడు మాత్రం ముక్కుపుట అంచు ఇక్కడ అని ఒక గీత గీయక తప్పదు. కనబడకపోతే ఊహిస్తాడు. అందుకే బొమ్మ గీయించాలన్నా ఆధారం మంచి ఫోటోయే కావాలి. ఇంకో చిక్కు పెద్దవాళ్ల ముఖాల్లో వస్తుంది. ముడత అంటే నిజానికి వెలుగు నుంచి నీడకు మెల్లగా దిగే వాలు. చేయి తిరగని చిత్రకారుడు దాన్ని నల్ల గీతగా గీస్తాడు, ముక్కు పక్క నుంచి నోటి కొస దాకా దిగే మడతను రెండు గీతల్లో తేల్చేస్తాడు. అరవై ఎనిమిదేండ్ల మనిషి ఎనభైకి వెళ్లిపోతుంది. బొమ్మే కావాలంటే అదే చిత్రకారుడు గీసిన ముసలివాళ్ల బొమ్మలు రెండు, వాటి అసలు ఫోటోలతో సహా చూపించమనండి. సినిమావాళ్ల బొమ్మలు చూసి ఒప్పుకోవద్దు, ఆ ముఖాల్లో ముడతలుండవు. ఏదేమైనా సంవత్సరీకానికి పెట్టే పటం ఫోటోగానే చేయించి, బొమ్మ తమ్ముడి ఇంటికి వేరేగా గీయించుకోవడం మంచిదని నా అభిప్రాయం.

స్టూడియో ఆయన చేసిన తప్పు నిజానికి మూడు తప్పులు. మూడింటినీ విడదీసి చెప్తేనే దిద్దడం వీలవుతుంది. ‘అమ్మలా లేదు’ అని మాత్రమే చెప్తే ఇంకోసారి అదే పని కొంచెం తక్కువగా చేసిస్తాడు.

మొదటిది చర్మం. ముఖం మీద ఉన్నవాటిలో ఆ రోజువి కొన్ని, ఆ మనిషివి కొన్ని. చెమట మెరుపు, ఫ్లాష్ పడి తెల్లబడ్డ బుగ్గ, కాగితం మీది గీతలు, దుమ్ము, ఇవి ఆ రోజువి, తీసేయొచ్చు. పుట్టుమచ్చ, అమ్మవారు పోసిన మచ్చలు, కనుబొమ మీది పాత దెబ్బ, ముడతలు ఆ మనిషివి, వాటి మీద చేయి పడకూడదు. ఇక్కడ మన పాలమూరు, నల్లగొండ వైపు ఒకటి ప్రత్యేకం చూడాలి, పచ్చబొట్టు. మీ అమ్మ వయసు ఆడవాళ్లకు నుదుటి మీదో గడ్డం మీదో ఆకుపచ్చ చుక్క ఉండటం మామూలే. కంప్యూటర్ ముందు కూర్చున్న కుర్రవాడికి అది మరక, ఒక్క క్లిక్కుతో తుడిచేస్తాడు. మీకొచ్చిన పటంలో పచ్చబొట్టు పోయి దాని మీద కుంకుమబొట్టు వచ్చిందేమో ఒకసారి చూడండి.

పండ్ల సంగతి కూడా ఇట్లాంటిదే. మన జిల్లా నీళ్లలో ఫ్లోరైడ్ వల్ల పండ్ల మీద గోధుమరంగు చారలు ఉన్నవాళ్లు ఎందరో. నవ్వే ఫోటో ఎంచుకుంటే స్టూడియోలో ఆ పండ్లను తెల్లగా కడిగేస్తారు, నోరు ఒక్కటే కొత్తదై ముఖంలో అతికినట్టు కనబడుతుంది. చారల ఘాటు కొంచెం తగ్గిస్తే చాలు, తుడవొద్దు. మీ పాస్‌పోర్ట్ ఫోటోలో పెదవులు మూసే ఉంటాయి కాబట్టి మీకు ఈ బాధ ఉండకపోవచ్చు. పెదవి కొసలను పైకి లాగి నవ్వు తెప్పించమని మాత్రం అడగకండి. కండ్లు నవ్వకుండా పెదవులు నవ్వితే ముఖం వెక్కిరిస్తున్నట్టు ఉంటుంది.

రెండోది ఛాయ. స్టూడియోవాళ్లు తెల్లగా చేయడానికి అలవాటొకటే కారణం కాదు. కంప్యూటర్ తెర వెనక దీపం వెలుగుతుంటుంది, కాగితానికి ఆ వెలుగు లేదు. తెర మీద సరిగా ఉన్న ముఖం అచ్చులో నల్లబడుతుంది, అది తెలిసి ముందే రెండు మెట్లు తెల్లగా పెడతారు. దీనికి మందు నమూనా ప్రింటు. పటం వేయించే ముందు అదే ఫైలును 4×6 సైజులో ఒకటి తీయించి, ఇంటికి తెచ్చి, పటం వేలాడే గోడ దగ్గర పగలొకసారి, రాత్రి లైటు వేసి ఒకసారి చూడండి. అమ్మ ఛాయకు దగ్గరగా ఉన్న అక్కను పక్కన నిలబెట్టి పోల్చండి. పెండ్లి ఫోటోలో అమ్మ పందిరి నీడన ఉంటే ఆ ఛాయనే నమ్మండి, ఫ్లాష్ వెలుగులోది నమ్మొద్దు.

ముఖంలో వెలుగు రావాలంటే చర్మం తెల్లబరచనక్కర లేదు, వెనక రంగు మారిస్తే చాలు. పాస్‌పోర్ట్ ఫోటో వెనక ఉండే తెల్లటి తెర ముందు చామనఛాయ ముఖం ఉన్నదానికంటే నల్లగా కనిపిస్తుంది. అదే ముఖం వెనక బూడిదరంగులో కొంచెం గోధుమ కలిసిన రంగు, ముఖంలో వెలుగు పడిన వైపు కంటే ఒక మెట్టు ముదురుగా వేయించండి, చర్మాన్ని ముట్టుకోకుండానే ముఖం తేలుతుంది. నెరిసిన జుట్టు కూడా ఆ రంగు మీదే విడిగా కనిపిస్తుంది. మబ్బులు, కిరణాలు, వెనక దేవుని గోపురం వద్దు. ఫ్లెక్సీ మీద ఒకరోజు చెల్లుతాయేమో, ఇంట్లో రోజూ చూసే పటంలో కన్ను ముఖం మీద నిలవనియ్యవు.

మూడోది ఒళ్లు. స్టూడియోలో పట్టుచీరలు కట్టిన మెడ కింది బొమ్మలు తయారుగా ఉంటాయి, వాటి మీద తల అతికిస్తారు. అతుకు అని ఎట్లా తెలుస్తుందంటే, ముందు ముక్కు నీడ ఏ వైపు పడిందో చూడండి, తర్వాత మెడ కింద నీడ, చీర మడతల నీడ చూడండి. అవి ఎదురెదురు వైపులకు పడితే అది అతుకే. భుజాలు కూడా చూడండి. నలభై ఏండ్లు నాట్లు వేసి, కలుపు తీసిన మనిషి భుజాలు కొంచెం ముందుకు వంగి ఉంటాయి. బొమ్మ ఒంటి భుజాలు నిటారుగా ఉంటాయి. ముఖం ఎంత బాగా వచ్చినా ‘ఇది అమ్మ కాదు’ అనిపించడంలో ఈ భుజాల పాలు చాలా ఉంటుంది.

అందుకని ఒళ్లు అతికించొద్దు. పాస్‌పోర్ట్ ఫోటోలో భుజాల దాకా, చీర కొంగు కొంచెం ఎట్లాగూ ఉంటుంది. అక్కడితో ఆపి, కింది భాగం మెల్లగా వెనక రంగులో కలిసిపోయేలా చేయించండి. పాతకాలం స్టూడియోల్లో అండాకారంగా అంచులు కరిగించి తీసేవాళ్లు, ఆ తీరే. లేని చీరను ఊహించే అవసరం రాదు. చీర ఇంకొంచెం కనబడాలని ఇంట్లో పట్టుబడితే అమ్మ చీరే చూపించండి. నారాయణపేట నూలుచీర కట్టే మనిషికి కంచిపట్టు తొడగడం ఎందుకు? అక్క అదే చీర కట్టుకొని, ఫోటోలో అమ్మకు వెలుగు ఏ వైపు నుంచి పడిందో అదే వైపు కిటికీ ఉండేలా కూర్చుంటే, ఛాతీ ఎత్తులో ఫోన్ పెట్టి ఆరడుగుల దూరం నుంచి తీయొచ్చు. అమ్మ చీర కట్టడానికి అక్కకు మనసొప్పకపోతే బలవంతం వద్దు, చీర పరిచి రంగు, అంచు కనబడేలా ఫోటో తీసి ఇచ్చినా స్టూడియోలో దిద్దుకుంటారు.

బొట్టు దగ్గర మీ అన్న మాటను కొట్టిపారేయొద్దు. పోయిన అమ్మ దేవత లెక్క, నుదురు ఖాళీగా ఉండొద్దన్నది ఆయన బాధ. అక్కల బాధ వేరే, పన్నెండేండ్లు రోజూ చూసిన ముఖం అది కాదు. ఇద్దరికీ సరిపోయే దారి ఒకటుంది. పటం లోపల ముఖం అమ్మ ఎట్లా ఉండేదో అట్లాగే ఉండనివ్వండి, పచ్చబొట్టు ఉంటే దానితో సహా. కుంకుమ అద్దం మీద పెట్టుకోండి. పూజ చేసినప్పుడు పెట్టేది ఎట్లాగూ అద్దం మీదే కదా, పెత్రమాస నాడు తుడిచి కొత్తది పెట్టుకోవచ్చు. లోపల అచ్చేసిన బొట్టు తుడిస్తే పోదు, రేపు ఎవరి మనసు మారినా మళ్లీ పటమే మార్చాలి. (నాయిన కంటే ముందు అమ్మ పోయి ఉంటే ఈ మాట తిరగబడేది. ముత్తయిదువగా పోయిన మనిషికి ఫోటోలో బొట్టు వెలిసిపోయి ఉంటే దాన్ని తిరిగి దిద్దించడమే మర్యాద.)

రంగా, నలుపు-తెలుపా? మీ ఇంట్లో నాయిన పటం పక్కనే వేలాడుతుంది కాబట్టి నేనైతే నలుపు-తెలుపే అంటాను, అదీ చల్లటి బూడిదరంగు కాదు, నాయిన ఫోటో పాతబడి ఎంత గోధుమరంగు తిరిగిందో అంత వెచ్చగా. నాయిన ఫోటోకు రంగులు వేయించి ఇద్దరినీ ఒకటి చేద్దామనే ఆలోచన మాత్రం వద్దు, ఆయన చొక్కా రంగు, ఛాయ ఇప్పుడు ఎవరూ రుజువు చేయలేరు. అమ్మ ఫోటోను రంగు నుంచి నలుపు-తెలుపుకు మార్చేటప్పుడు ఊరికే రంగు తీసేయమంటే ముఖం చప్పగా వస్తుంది. ఫోటోషాప్‌లో Black & White అనే సర్దుబాటులో Reds, Yellows అని రెండు మీటలుంటాయి. చర్మం చాలావరకు ఈ రెండింటిలోనే ఉంటుంది. వాటిని మరీ పెంచితే ముడతలు కరిగిపోయి ముఖం పాలిపోతుంది, మరీ తగ్గిస్తే ప్రతి మచ్చా నల్లగా తేలి ముఖం మాడినట్టుంటుంది. పచ్చబొట్టు కనబడుతూ, కండ్ల కింద ముడతలు ఉన్నా కొట్టొచ్చినట్టు కాకుండా ఉండే చోట ఆపమనండి. రంగు లేకపోతే ఛాయ గొడవ సగం తగ్గుతుంది కూడా. అన్నకు రంగుల్లోనే కావాలంటే చేయించండి, కానీ చీర రంగు, వెనక రంగు కొంచెం అణిచి వేయించండి, లేకపోతే పక్కన నాయిన వెలవెలబోతాడు.

ఇద్దరినీ ఒకే ఫ్రేములో కలపడం వద్దు. నాయిన ఫోటో నలభై ఏండ్లప్పటిది అయి, అమ్మది అరవై ఎనిమిదిది అయితే తల్లీకొడుకుల్లా కనిపిస్తారు. ఒకే రకం చెక్కతో రెండు ఫ్రేములు చేయించి, ఇద్దరి ముఖాలు ఒకే కొలతలో, కండ్లు ఒకే ఎత్తులో వచ్చేలా చూడండి. ముందు నాయిన పటంలో గడ్డం నుంచి జుట్టు దాకా స్కేలుతో కొలిచి ఆ అంకె స్టూడియోకు ఇవ్వండి. అమ్మ పటం నాయినకు ఎడమ చేతి వైపు, అంటే చూసేవాళ్లకు కుడివైపు ఉండటం ఆనవాయితీ. ముఖం అటువైపు తిరిగి ఉందని ఫోటోను అద్దంలోలా తిప్పించకండి. ముక్కుపుడక, పుట్టుమచ్చ, కొంగు అన్నీ పక్క మారిపోతాయి, చూసినవాళ్లకు ఎక్కడో తేడా కొడుతుంది. నాయిన ఫోటో అద్దానికి అతుక్కుపోయి ఉంటే దాన్ని పీకే ప్రయత్నం కూడా వద్దు, పై పొర అద్దంతోనే ఊడొస్తుంది. కావాలంటే అద్దంతో సహా స్కాన్ చేయించండి.

స్టూడియోకు నోటితో చెప్పకుండా కాగితం మీద రాసివ్వండి. మీ విషయంలో, అమ్మకు లేని గుర్తులు వదిలేసి, ఇట్లా రాస్తే సరిపోతుంది: ‘ముఖం నున్నగా చేయొద్దు. ముడతలు, నుదుటి పచ్చబొట్టు, పుట్టుమచ్చ ఉండాలి. తెల్లబరచొద్దు. బొట్టు, నగలు, వేరే చీర పెట్టొద్దు. గీతలు, ఫ్లాష్ మెరుపు తీసేయండి. భుజాల దాకా చాలు, కింద కరిగించండి. వెనక గోధుమ కలిసిన బూడిదరంగు. వెచ్చటి నలుపు-తెలుపు. 8×12, ముఖం మూడున్నర అంగుళాలు, తల పైన రెండంగుళాలు ఖాళీ. ముందు 4×6 నమూనా, మ్యాట్ కాగితం.’ నాయిన పటం కొలత వేరుగా వస్తే ఆ మూడున్నర మార్చుకోండి. తల పైన ఖాళీ దండ కోసం. ముఖం ఫ్రేము నిండా ఉంటే దండ వేసిన రోజు చెవులు, గడ్డం మునిగిపోతాయి.

నమూనా వచ్చాక ఇంట్లో అందరినీ కూర్చోబెట్టి ఎట్లుంది అని అడగకండి, ఒకరి మాట విని ఇంకొకరు అంటారు. అమ్మను రోజూ చూసిన పక్కింటామెకు ఏమీ చెప్పకుండా చేతికివ్వండి. చూడగానే అమ్మను పేరో వరసో పెట్టి పిలిచినట్టు మాట వస్తే పటం కుదిరింది. ‘మంచిగ వచ్చింది ఫోటో’ అంటే కుదరలేదు, ముఖంలో ఏదో మార్చారు. అసలు ఫోటో, నమూనా పక్కపక్కన పెట్టి కండ్ల మధ్య దూరం, పెదవి కొసలు, చెవి తమ్మెలు ఒక్కొక్కటీ పోల్చండి. ఆ తర్వాతే పెద్దది.

ఫ్రేము కట్టేటప్పుడు ఫోటో అద్దానికి ఆనకుండా చుట్టూ మౌంటు అట్ట పెట్టించండి, లేకపోతే తేమకు ఇది అద్దానికే అతుక్కుంటుంది. పటం కింద పేరు రాయిస్తే ‘కీర్తిశేషులు’ చాలు. పుట్టిన తేదీ మాత్రం ఆధార్ చూసి చెక్కించకండి. మన దగ్గర ఆ వయసువాళ్లలో చాలామందికి కార్డు మీద జనవరి 1 అని ఉంటుంది, అది లెక్క కుదరడానికి వేసిన తేదీ. పోయిన తేదీ, దాని పక్కన తిథి వేయించండి, ఏటా సంవత్సరీకం చేసేటప్పుడు వెతుక్కోనక్కర లేకుండా పనికొస్తుంది.